జీడిపప్పు ప్యాకెట్లను పోల్చి కొనడం ఎలా: గ్రేడు, తేమ, ప్యాకింగ్ తేదీ, అమ్మేవారు

పండగలు దగ్గర పడ్డాయంటే "ఏ కంపెనీ జీడిపప్పు మంచిది?" అని అడుగుతూ మెసేజీలు మొదలవుతాయి. నేను కంపెనీ పేరు చెప్పను. ఒకే కంపెనీ ప్యాకెట్లు రెండు తెచ్చి విప్పితే ఒకటి కరకరలాడుతుంది, ఇంకోటి మెత్తగా సాగుతుంది. కారణం, మన చేతికొచ్చే చిన్న ప్యాకెట్‌ను చాలాసార్లు ఆ కంపెనీ తన ఫ్యాక్టరీలో పప్పు తీసి నింపదు. ఎక్కడో తీసిన పప్పును డబ్బాల్లో కొని, చిన్న ప్యాకెట్లలోకి మార్చి, తన పేరు అచ్చు వేస్తుంది. అందుకే పేరు కన్నా చేతిలో ఉన్న ప్యాకెట్‌ను పరీక్షించడమే నయం. అది ఎలాగో జీడిపప్పుతోనే చెబుతాను. డ్రై ఫ్రూట్స్‌లో మనం ఎక్కువ డబ్బు పోసేదీ, ఎక్కువ మోసపోయేదీ దాని దగ్గరే. బాదం, కిస్‌మిస్ సంగతి చివర్లో కొద్దిగా.

కావలసినవి

- ఒక గ్రాము తేడా చూపించే డిజిటల్ కాటా. వంటింట్లో వాడేది చాలు.
- రెండు తెల్ల పళ్లేలు.
- పోల్చాలనుకున్న ప్యాకెట్లు, వీలైనంత చిన్నవి. 100 గ్రాములవి, లేకపోతే 250 గ్రాములవి. నచ్చాకే కిలో కొనండి.
- ఇంటర్నెట్ ఉన్న ఫోన్.

ముందుగా తెలియాల్సింది ఒక్కటే: ఆ అంకె ఏమిటి?

ప్యాకెట్ మీద డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 అని కనిపిస్తుంది. డబ్ల్యూ అంటే విరగని తెల్లటి పప్పు, మన బజారు మాటలో గుండు. ఆ అంకె, ఒక పౌనులో, అంటే దాదాపు 454 గ్రాముల్లో, గరిష్ఠంగా ఎన్ని గుండ్లు ఉంటాయో చెబుతుంది. అంకె చిన్నదైతే గుండు పెద్దది, ధర ఎక్కువ. పౌనుతో మనకి పని లేదు కాబట్టి 100 గ్రాముల లెక్కలోకి మార్చి ఇస్తున్నాను:

- డబ్ల్యూ-180: 37 నుంచి 40 గుండ్లు
- డబ్ల్యూ-210: 44 నుంచి 46
- డబ్ల్యూ-240: 48 నుంచి 53
- డబ్ల్యూ-320: 66 నుంచి 71
- డబ్ల్యూ-450: 88 నుంచి 99

ఇది సైజు లెక్క మాత్రమే, రుచి లెక్క కాదు. తాజా 320 ఎప్పుడైనా పాత 180 కన్నా రుచిగా ఉంటుంది. ఎస్‌డబ్ల్యూ అని ఉంటే వేడి కాస్త ఎక్కువ తగిలి లేత గోధుమరంగుకి తిరిగిన గుండు. తినడానికి ఏ లోటూ లేదు, ధర తగ్గాలి. ఎస్ లేదా జేహెచ్ అంటే నిలువునా రెండుగా విడిపోయిన బద్ద. ఎల్‌డబ్ల్యూపీ అంటే పెద్ద ముక్కలు. పాయసంలోకీ ఉప్మాలోకీ గుండు కొనడం నా దృష్టిలో దండగ, బద్ద చాలు. గ్రేవీ కోసం నానబెట్టి రుబ్బేదానికైతే ముక్కలు చాలు.

"జంబో", "ప్రీమియం", "రాయల్" అనేవి గ్రేడులు కావు. "పలాస జీడిపప్పు" కూడా గ్రేడు కాదు. పలాసలో అన్ని గ్రేడుల పప్పూ తీస్తారు. వేటపాలెంలో, మోరిలో కూడా అంతే. పైగా మన దగ్గర పండే జీడి పిక్కలు మన ఫ్యాక్టరీలకి ఏడాది పొడవునా సరిపోవు కాబట్టి ఆఫ్రికా నుంచి వచ్చిన పిక్కలను కూడా ఇక్కడే పగలగొడతారు. ఊరి పేరు చూసి ఎక్కువ ధర పెట్టేముందు గ్రేడు అంకె ఉందో లేదో చూడండి.

1. కొనేముందు ప్యాకెట్ వెనక వైపు చదవండి

ముందు వైపున్న బొమ్మ వదిలేయండి. వెనక నాలుగు విషయాలు వెతకండి.

మొదటిది ప్యాకింగ్ తేదీ. ఇక్కడే చాలామంది పొరబడతారు. జీడి పిక్కను ఉడికించి లేదా కాల్చి, పగలగొట్టి, బోర్మా అనే వేడిగదిలో ఆరబెట్టి, పొర తీసి, గ్రేడు చేసి, సాధారణంగా పది కిలోల డబ్బాల్లోనో సంచుల్లోనో గాలి తీసి నింపుతారు. ఆ డబ్బా టోకు వ్యాపారి దగ్గర కొన్ని నెలలు ఉండొచ్చు. తర్వాత ఎవరో దాన్ని తెరిచి 250 గ్రాముల ప్యాకెట్లు కడతారు. మీకు కనిపించేది ఆ చివరి రోజు తేదీ. పప్పు పుట్టిన తేదీ దాని మీద ఉండదు. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, కాబట్టి "నిన్ననే ప్యాక్ చేశారు, తాజాగా ఉంటుంది" అనుకోవడం తప్పు. తేదీ చెప్పేది ఒక్కటే: ఇంతకన్నా కొత్తది కాదు. ఎంత పాతదో మీ ముక్కు, మీ నాలుక చెప్పాలి.

అయినా తేదీ పనికిరానిది కాదు. మామూలు పల్చటి కవర్లో ప్యాక్ చేసి మూడు నాలుగు నెలలు దాటిన ప్యాకెట్ నేనైతే తీసుకోను, ఎక్స్‌పైరీ ఇంకా దూరంలో ఉన్నా సరే. వాక్యూమ్ ప్యాక్‌కి, నైట్రోజన్ నింపిన మందపాటి ప్యాకెట్‌కి ఇంకొన్ని నెలలు ఓర్చుకోవచ్చు.

రెండోది, ఎవరు ప్యాక్ చేశారు, ఎవరు అమ్ముతున్నారు. "మార్కెటెడ్ బై" దగ్గర పెద్ద పేరుండి, "ప్యాక్డ్ బై" దగ్గర వేరే చిరునామా ఉండటం మామూలే. పోల్చేటప్పుడు ఈ రెండో చిరునామా చూడండి. ఒక్కోసారి ధరలో బాగా తేడా ఉన్న రెండు బ్రాండ్లు ఒకే చోట ప్యాక్ అయి ఉంటాయి.

మూడోది బ్యాచ్ నంబరు. తేదీ, బ్యాచ్ రెండూ స్టిక్కర్ మీద ఉంటే, కింద ఇంకో స్టిక్కర్ ఉందేమో గోటితో చూడండి. ఉంటే ఆ ప్యాకెట్‌ను అక్కడే వదిలేయండి.

నాలుగోది గ్రాముకి ధర. ఎమ్మార్పీ పక్కన యూనిట్ సేల్ ప్రైస్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. 200, 225, 250, 400 గ్రాముల ప్యాకెట్లను పక్కపక్కన పెట్టి మనల్ని తికమక పెట్టే ఎత్తుకి ఇదే విరుగుడు.

2. అమ్మేవారి లైసెన్సు చూడండి

ప్యాకెట్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, కింద 14 అంకెల నంబరు ఉండాలి. ఫోన్లో foscos.fssai.gov.in తెరిచి, వ్యాపారి వివరాలు వెతికే చోట ఆ నంబరు కొట్టండి. వచ్చిన పేరు, చిరునామా ప్యాకెట్ మీద ఉన్నవాటితో కలవాలి, లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. ఒకటితో మొదలైతే లైసెన్సు, రెండుతో మొదలైతే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. రెండుతో మొదలైనంత మాత్రాన అనుమానించక్కర్లేదు, ఇంటి దగ్గర నడిపే చిన్న యూనిట్లకి అదే ఇస్తారు.

ఒక హెచ్చరిక: ఈ నంబరు ఉంటే ఆ వ్యాపారి ఎవరో, ఎక్కడున్నాడో తెలుస్తుంది. పప్పు బాగుందని మాత్రం కాదు. "ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అప్రూవ్డ్ క్వాలిటీ" అని అమ్మేవారు చెబితే నవ్వి ఊరుకోండి.

హైదరాబాద్ బేగంబజార్ లాంటి చోట విడిగా కొంటుంటే నంబరు కన్నా ఒక చిన్న ప్రశ్న బాగా పనిచేస్తుంది: "డబ్బా చూపిస్తారా?" డబ్బా మీద గ్రేడు, తీసిన నెల ఉంటాయి. సరుకు వేగంగా పోయే కొట్టువాడు వెంటనే చూపిస్తాడు. నీళ్లు నమిలితే పక్క కొట్టుకి వెళ్లండి. తెరిచిన డబ్బా మూత లేకుండా రోజంతా ఉంటే, ముఖ్యంగా వానాకాలంలో, దాంట్లోంచి తీసుకోకండి.

ఆన్‌లైన్లో అయితే స్టార్లు చూడటం మానేసి, గత నెల రోజుల్లో కొన్నవాళ్లు పెట్టిన ఫొటోలు చూడండి. రివ్యూలు మూడేళ్ల నాటి సరుకువి కావచ్చు, మీకు వచ్చేది ఈ నెల బ్యాచ్. వెనక లేబుల్ ఫొటో పెట్టని, గ్రేడు అంకె రాయని లిస్టింగ్ ఎంత చవకైనా దాన్ని పోల్చడానికి ఆధారం లేదు. తినే సరుకు వాపసు తీసుకోబోమని చాలాచోట్ల రాసి ఉంటుంది కాబట్టి ఆ షరతు ముందే చదవండి.

3. ఇంటికి తెచ్చాక: తూచండి, లెక్కపెట్టండి

ప్యాకెట్‌ను పళ్లెంలోకి వంపి అడుగున మిగిలిన పొడి కూడా దులపండి. 100 గ్రాములు తూచండి. అందులోంచి బద్దలు, ముక్కలు, పొడి వేరు చేసి విడిగా తూచండి. మిగిలిన గుండ్లను తూచి, లెక్కపెట్టండి.

ఒక ఉదాహరణ. ధరలు లెక్క కోసమే, మీ ఊళ్లో ధర వేసుకోండి.

మొదటి ప్యాకెట్ మీద డబ్ల్యూ-240 అని ఉంది, 500 గ్రాములు, 520 రూపాయలు. అంటే గ్రాముకి 1.04. రెండోదాని మీద "జంబో గుండు" అని ఉంది, 250 గ్రాములు, 245 రూపాయలు, గ్రాముకి 98 పైసలు. చూడగానే రెండోదే చవక.

మొదటిదాంట్లో 100 గ్రాములకి 4 గ్రాములు విరిగినవి, మిగిలిన 96 గ్రాముల్లో 49 గుండ్లు. 49ని 96తో భాగించి 100తో గుణిస్తే 51. పైన జాబితాలో చూస్తే 240 సరిగ్గా నిలబడింది. రెండోదాంట్లో 9 గ్రాములు విరిగినవి, 91 గ్రాముల్లో 63 గుండ్లు. లెక్కిస్తే 69. అంటే జంబో అన్నది 320. అదే కొట్లో మామూలు డబ్ల్యూ-320 అని రాసిన 500 గ్రాముల ప్యాకెట్ 450కి, గ్రాముకి 90 పైసలకి దొరుకుతుంటే, ఈ జంబో చవక కాదు, గ్రాముకి 8 పైసలు ఎక్కువ. పైగా మొదటి ప్యాకెట్‌తో పోలిస్తే ముక్కలు రెట్టింపు.

నాలుగైదు గ్రాములు విరగడం రవాణాలో సహజం. ఎగుమతి సరుకులో కూడా ఐదు శాతం దాకా ఊరుకుంటారు. పది దాటితే మీరు గుండు ధరకి ముక్కలు కొన్నట్టే.

లెక్క 55, 60 దగ్గర పడితే? అది పై జాబితాలో లేదు, డబ్ల్యూ-280 అనే మధ్య గ్రేడు కావచ్చు. 240లో 320 కలిపారేమో కూడా చూడాలి. పది పెద్ద గుండ్లు ఏరి తూచండి, పది చిన్నవి ఏరి తూచండి. 240 పప్పు పది కలిపి 19 నుంచి 21 గ్రాములు తూగుతాయి, 320 అయితే 14, 15 గ్రాములు. సహజంగా కొంచెం హెచ్చుతగ్గులు ఉంటాయి, దానికి టెన్షన్ పడొద్దు. కానీ పళ్లెంలో రెండు గుంపులు స్పష్టంగా విడిపోయి, మధ్య సైజు దాదాపు లేకపోతే అది కలిపిన సరుకే.

తరచూ జరిగే తప్పు: ముక్కలు తీయకుండా మొత్తం 100 గ్రాముల్లో గుండ్లు మాత్రం లెక్కపెట్టడం. అలా చేస్తే ముక్కలు ఎక్కువున్న నాసిరకం ప్యాకెటే పెద్ద గ్రేడులా కనిపిస్తుంది. పై ఉదాహరణలో 69కి బదులు 63 వచ్చేది.

4. తేమ చూడండి

ప్యాక్ చేసేటప్పుడు జీడిపప్పులో తేమ 5 శాతం మించకూడదన్నది వ్యాపారంలో పాటించే హద్దు. అంతకు మించితే మెత్తబడుతుంది, బూజుకీ పురుగుకీ వీలవుతుంది. పైగా నీళ్లకి పప్పు ధర కట్టినట్టు. 8 శాతం తేమ ఉన్న కిలోలో, 4 శాతం ఉన్నదానికన్నా 40 గ్రాములు ఎక్కువ నీరు. మరీ ఆరిపోయినా మంచిది కాదు, పెళుసై రవాణాలో విరిగిపోతుంది. అడుగున ముక్కలు ఎక్కువ, పప్పు మాత్రం కరకర అంటే కారణం చాలావరకు అదే.

ఇంట్లో పరీక్ష ఇలా. ప్యాకెట్ తెరిచిన వెంటనే, గాలి తగలకముందే, నాలుగైదు గుండ్లు తీసుకుని వేళ్లతో విరవండి. ఆరినది టక్కుమని తెగుతుంది, విరిగిన చోట పొడిగా ఉంటుంది. తేమ ఉన్నది ముందు వంగి, తర్వాత తెగుతుంది. నమిలితే పళ్లకి అతుక్కుంటుంది. ఒకటి రెండు చూసి తేల్చేయకండి, ప్యాకెట్ పైనుంచీ అడుగునుంచీ తీయండి.

ఫ్రిజ్‌లోంచి తీసిన ప్యాకెట్ అయితే మూత తీయకుండా గది వేడికి వచ్చేదాకా ఆగండి. చల్లగా ఉండగానే తెరిస్తే గాలిలో తేమ పప్పు మీద చేరి, మీరు పెట్టిన తేమనే మీరు కొలుస్తారు.

అంకె కావాలనుకునేవాళ్లకి ఇంకో దారి ఉంది. గ్రాములో వందో వంతు చూపించే చిన్న కాటా, ఓవెన్ ఉండాలి. 50 గ్రాముల పప్పును చిన్న ముక్కలు చేసి, పల్చగా పరిచి, 100 నుంచి 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఉంచండి, మధ్యమధ్యలో తూస్తూ. 2.5 గ్రాములు తగ్గితే తేమ 5 శాతం. 4 గ్రాములు తగ్గితే 8. రంగు ముదురుతుంటే ఓవెన్ వేడి ఎక్కువైనట్టు, ఆ అంకెని నమ్మకండి. ఆ ముక్కలు కూరలో వేసుకోవచ్చు.

తేమ ఒక్కటే లోపమైతే ప్యాకెట్ పారేయక్కర్లేదు. సన్నటి సెగ మీద మందపాటి మూకుడులో రంగు మారకుండా వేడిచేసి, పూర్తిగా చల్లారాక బిగుతు డబ్బాలో పెట్టండి. వేడిగా మూత పెడితే మళ్లీ ఆవిరి పడుతుంది.

5. వాసన, రుచి, రంగు

ప్యాకెట్ తెరిచిన క్షణంలో ముక్కు దగ్గర పెట్టుకోండి. మంచి పప్పుకి లేత తియ్యటి వాసన, లేదా ఏ వాసనా లేకపోవడం. పాత నూనె వాసన, రంగు డబ్బా తెరిచినట్టు వాసన వస్తే అందులోని నూనె చెడింది. పప్పులో దాదాపు సగం నూనే కాబట్టి చెడేది ముందు అదే. ఒక గుండు నెమ్మదిగా నమిలి, మింగాక కాస్త ఆగండి. గొంతు పట్టుకున్నా, నాలుక చివర చేదు మిగిలినా, ప్యాకింగ్ తేదీ ఏం చెప్పినా అది పాత సరుకు. వేయిస్తే, ఉప్పూ కారం పడితే ఆ వాసన కొంతసేపు దాగుతుంది, పోదు. అందుకే మసాలా జీడిపప్పును నేను నాణ్యత పోల్చడానికి వాడను.

రంగు దగ్గర ఒక అపోహ ఉంది: ఎంత తెల్లగా ఉంటే అంత మంచిదని. తెలుపు, లేత పసుపు, లేత బూడిద ఛాయ మూడూ మొదటి రకం కిందికే వస్తాయి. చూడాల్సింది మచ్చలు. ముదురు గోధుమ జిడ్డు మచ్చ పిక్క తొక్కలోని జీడి నూనెది కావచ్చు, అది నోరు మండిస్తుంది, అలాంటి గుండు తీసేయండి. ఎర్రటి పొర అక్కడక్కడా మిగిలితే వగరు తప్ప హాని లేదు.

గుండును బద్దలుగా విడదీసి మధ్యలో చూడటం మర్చిపోవద్దు. పురుగు, పొడి, సన్నటి దారాల గూడు అక్కడే దాగుతాయి. ఆకుపచ్చ, నలుపు బూజు కనిపిస్తే ఆ ప్యాకెట్ మొత్తం వదిలేయండి. కడిగితేనో వేయిస్తేనో సరిపోతుందనుకోకండి, బూజు వదిలే కొన్ని విషాలు వంటింటి వేడికి పోవు.

6. రెండు ప్యాకెట్ల మధ్య తేల్చుకోవడం

వాసన తప్పిన ప్యాకెట్ ముందే పోటీలోంచి తప్పుకుంటుంది, దాని ధర ఎంతైనా. తేమ తప్పితే ధర బాగా తగ్గితేనే చూడండి. రెండూ నెగ్గాకే గ్రేడు లెక్క, గ్రాము ధర. చాలామంది ఇదంతా తలకిందులుగా చేస్తారు, గ్రేడుతో మొదలుపెట్టి వాసన దగ్గరికి రారు.

నచ్చిన ప్యాకెట్ బ్యాచ్ నంబరు, తేదీ ఫొటో తీసి పెట్టుకోండి. వీలైతే అదే వారంలో అదే బ్యాచ్‌లో పెద్ద ప్యాకెట్ కొనండి. రెండు నెలల తర్వాత అదే పేరుతో వచ్చేది వేరే డబ్బాలోది, మళ్లీ విరిచి, నమిలి చూడాల్సిందే.

బాదం, కిస్‌మిస్

కాలిఫోర్నియా బాదం మీద 23/25, 27/30 లాంటి అంకెలు ఉంటే అవి ఒక ఔన్సులో, అంటే 28 గ్రాముల చిల్లరలో, ఎన్ని పప్పులో చెబుతాయి. ఇక్కడా చిన్న అంకే పెద్ద పప్పు. లెక్కపెట్టడం, విరవడం, నమలడం పై పద్ధతే. కిస్‌మిస్‌కి మాత్రం ఈ తేమ లెక్క వర్తించదు, దాంట్లో తేమ సహజంగానే ఎక్కువ. గుప్పిట పట్టి వదిలితే విడిపోవాలి, ముద్దగా అంటుకుని పుల్లటి వాసన వస్తే వద్దు.

తేడా వస్తే

ప్యాకెట్ తెరిచేముందు వెనక లేబుల్ ఫొటో, తెరిచాక కాటా మీద తూకం, పురుగో బూజో ఉంటే దాని ఫొటో తీయండి. మిగిలిన పప్పు, కవరు పారేయకండి. మొదట ప్యాకెట్ మీదున్న కస్టమర్ కేర్‌కి బ్యాచ్ నంబరుతో రాయండి, మంచి ప్యాకర్ అయితే అక్కడితోనే తేలుతుంది. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తూకం తక్కువైతే తూనికలు కొలతల శాఖకి, సరుకు చెడిపోయి ఉంటే మీ జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి ఫిర్యాదు ఇవ్వండి.